ఆడిటరు ఇంట్లో అనారోగ్యం, మిల్లుకు గడువు: పాత క్లయింటుకు రాసిన ఒక లేఖ కథ

నేపథ్యం

గోదావరి డెల్టాలోని ఒక పట్టణంలో ఒక్కరే ప్రాక్టీసు చేసుకునే చార్టర్డ్ అకౌంటెంటు కేసు ఇది. ఆయన నా దగ్గరే ఆర్టికల్‌షిప్ చేశారు కనుక ఇబ్బంది వచ్చినప్పుడు నాకు ఫోన్ చేయడం అలవాటు. క్లయింటు భాగస్వామ్య సంస్థగా నడిచే ఒక రైస్ మిల్లు. పదేళ్లకు పైబడిన సంబంధం. టర్నోవర్ సుమారు 14 కోట్లు. మిల్లు పెద్ద భాగస్వామి ఈ ఆడిటరును సొంత మనిషిగానే చూస్తారు. ఇద్దరినీ గుర్తుపట్టే వీలున్న వివరాలను తీసేశాను, కొన్నింటిని మార్చాను. గడువులు, చట్టం మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. సెక్షన్లు, ఫారాలు, జరిమానాలు అప్పటికి అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టానివి.

2023 సెప్టెంబరు మొదటి వారంలో ఆడిటరు తండ్రిగారిని ఉన్నట్టుండి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇంట్లో పగటిపూట దగ్గరుండగలిగిన మనిషి ఈయన ఒక్కరే. టాక్స్ ఆడిట్ రిపోర్టు దాఖలుకు చివరి తేదీ సెప్టెంబరు 30. మిల్లు లెక్కల్లో బ్యాంకు సరిపోల్చడం, అమ్మకాలు, కొనుగోళ్ల లెడ్జర్లు అప్పటికే పూర్తయ్యాయి. మిగిలినది అసలు కష్టమైన భాగం. తయారీ సంస్థ కనుక ఆడిట్ రిపోర్టుతో జతచేసే వివరాల పత్రం 3సీడీ ఫారంలోని 35వ క్లాజు కింద ఎంత ధాన్యం ఆడించారు, ఎంత బియ్యం, నూక, తవుడు వచ్చాయి, దిగుబడి శాతం ఎంత అన్నది పరిమాణాల్లో చూపాలి. దానికి మిల్లు రిజిస్టర్లు ముందు పెట్టుకుని గుమస్తాతో కూర్చోవాలి. రైతులకు నగదుగా చెల్లించిన మొత్తాలు కూడా విడిగా చూడాలి. ఒకరికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు చెల్లిస్తే ఆ ఖర్చును 40ఏ(3) సెక్షను ఒప్పుకోదు. పండించిన రైతుకే పంట కోసం చెల్లించినదైతే 6డీడీ నిబంధన మినహాయిస్తుంది. ఆ చెల్లింపు రైతుకే వెళ్లిందా, మధ్యవర్తికి వెళ్లిందా అన్నది వోచరు వోచరుగా చూస్తే తప్ప తేలదు. ఆస్పత్రి వరండాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేయగలిగిన పని కాదిది.

సమస్య

ఆలస్యం తప్పదని చెప్పడం ఆడిటరుకు కష్టం కాలేదు. ఆయన దాచలేదు, నాన్చలేదు. మర్నాడే మిల్లు పెద్దాయనకు ఫోన్ చేశారు. "మీరు ముందు నాన్నగారిని చూసుకోండి బాబూ, లెక్కలు ఎక్కడికి పోతాయి" అన్నారు పెద్దాయన. అంత మంచి మాట విన్నాక ఇంకేం అడగాలో ఈయనకు తోచలేదు. మరుసటి రోజు మర్యాదకని ఒక లేఖ కూడా పంపారు. అందులో రెండు పేరాలు తండ్రిగారి ఆరోగ్యం గురించి, ఒక పేరా క్షమాపణ. చివరి వాక్యాలు ఇవి: "కావున దయచేసి నా పరిస్థితిని అర్థం చేసుకుని కొంత సమయం ఇవ్వగలరని ప్రార్థిస్తున్నాను. వీలైనంత త్వరగా పని పూర్తి చేసి అందజేస్తాను." జవాబుగా వాట్సాప్‌లో ఒక్క ముక్క వచ్చింది: "అలాగే బాబూ, తొందరేం లేదు."

కానీ తొందర ఉంది. శనివారం, సెప్టెంబరు 9న, మిల్లు గుమస్తా ఆడిటరు ఆఫీసు సహాయకుడికి ఫోన్ చేసి, బ్యాంకు వాళ్లు మిల్లు వాడుకునే అప్పు పరిమితి, అంటే సీసీ లిమిట్, రెన్యువల్ కోసం అక్టోబరు మొదటి వారానికల్లా ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీటు అడుగుతున్నారని, పెద్దాయన మాత్రం "ఆడిటరు గారిని ఇబ్బంది పెట్టొద్దు" అంటున్నారని చెప్పాడు. సార్వా ధాన్యం రావడం మొదలైతే కొనడానికి చేతిలో డబ్బుండాలి. లిమిట్ రెన్యువల్ ఆగితే మిల్లుకు ఆ సీజనే చేజారుతుంది. పెద్దాయన ఈ సంగతి ఫోన్‌లో చెప్పలేదు. చెప్తే ఆస్పత్రిలో ఉన్న మనిషి మీద ఒత్తిడి పెట్టినట్టవుతుందని ఆయన మొహమాటం.

ఆ సాయంత్రమే ఆడిటరు నాకు ఫోన్ చేశారు.

ఫోను, మొదటి లేఖ ఎందుకు పని చేయలేదు

కొత్త క్లయింటుతో ఇలాంటి సందర్భంలో భయం కోపం గురించి. పాత క్లయింటుతో భయపడాల్సింది మర్యాదకు. అనారోగ్యం గురించి ఎంత వివరంగా, ఎంత బాధగా రాస్తే అవతలి మనిషి నోరు అంతగా మూతపడుతుంది. ఆ లేఖ చదివాక "మరి మా బ్యాంకు పని?" అని అడగగలిగేవాడు మన ఊళ్లలో అరుదు. కనుక పెద్దాయన రాసిన "అలాగే" సమ్మతి కాదు, పరామర్శ. దాన్ని సమ్మతిగా తీసుకుని పని వాయిదా వేసుకుంటే, చెప్పకుండా ఆలస్యం చేసినంత నష్టమే జరుగుతుంది.

రెండో లోపం లేఖలో తేదీలు లేకపోవడం. "వీలైనంత త్వరగా" అన్నది రాసినవారికి ఊరట, చదివినవారికి సమాచారం కాదు. దాన్ని పట్టుకుని బ్యాంకు మేనేజరుకు ఏ మాటా చెప్పలేరు. పైగా ఆ లేఖ సమయం అడిగింది, కానీ సెప్టెంబరు 30 అన్నది క్లయింటు ఇవ్వగలిగిన సమయం కాదు. అది చట్టం పెట్టిన గడువు. క్లయింటు చేతిలో లేనిదాన్ని క్లయింటునే అడిగితే జవాబు ఇలాగే ఉంటుంది.

గడువు పొడిగిస్తారేమోనన్న ఆశ కూడా ఆడిటరు మాటల్లో కనిపించింది. మా వృత్తిలో ప్రతి సెప్టెంబరులోనూ ఈ ఆశ మొలకెత్తుతుంది. దాన్ని లేఖలోకి రానివ్వవద్దని చెప్పాను. ఆ ఏడాది టాక్స్ ఆడిట్ గడువు పొడిగించలేదు. తరువాతి ఏడాది, 2024లో, అక్టోబరు 7 వరకు పొడిగించారు గాని, ఆ ప్రకటన వచ్చింది సెప్టెంబరు 29న. అప్పటిదాకా దాని మీద ఆధారపడి కూర్చున్న ఆఫీసుకు అది అదృష్టమే తప్ప ప్రణాళిక కాదు.

రెండో లేఖకు ముందు తీసుకున్న నిర్ణయాలు

మొదట పనిని విడదీశాం. మిల్లు పని అంతా ఒక ముద్దగా ఆయన తలలో ఉంది. విడదీస్తే అందులో ఆయన సంతకం తప్పనిసరైనది ఆడిట్ ఒక్కటే. నెలవారీ జీఎస్టీకి ఆయన కూర్చోవాల్సిన అవసరం లేదు. ఆగస్టు నెల అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కు గడువు సెప్టెంబరు 11, పన్ను చెల్లింపు రిటర్ను 3బీకి 20. ఈ రెండూ గుమస్తా, ఆఫీసు సహాయకుడు కలిసి పెట్టగలరు, ఓటీపీ మిల్లువారి ఫోన్‌కే వస్తుంది. వీటిలో జీఎస్టీఆర్-1 జారితే నష్టం మిల్లుతో ఆగదు. కొన్నవారికి జీఎస్టీ పోర్టల్ చూపే క్రెడిట్ పట్టిక 2బీలో ఆ నెల బిల్లులు కనిపించక వాళ్ల క్రెడిట్ ఆగుతుంది, ఆ ఫోన్లు మళ్లీ మిల్లుకే వస్తాయి. కనుక ఆలస్యం కాని పనులేవో లేఖ మొదట్లోనే చెప్పాలని నిర్ణయించాం. ఆలస్యం వార్త విన్న క్లయింటు మనసులో మొదట వచ్చే ప్రశ్న "అయితే అన్నీ ఆగిపోతాయా?" అన్నదే.

తరువాతిది అనారోగ్యం ఎంత రాయాలన్నది. జబ్బు పేరు, స్కాన్ ఫలితం, డాక్టరు చెప్పిన మాట అన్నీ తీసేయించాను. అవి తండ్రిగారి సొంత విషయాలు, మిల్లు ఫైల్లో ఉండాల్సినవి కావు. అంతకన్నా ముఖ్యంగా, క్లయింటు నిర్ణయానికి కావలసింది రోగం వివరం కాదు, ఆడిటరు ఏ రోజుల్లో ఎన్ని గంటలు పని చేయగలరన్నది. రెండు వాక్యాలు చాలు.

మూడోది వేరే ఆడిటరు సంగతి. ఇది వినగానే ఆయన కొంచెం వెనక్కి తగ్గారు. పోయిన క్లయింటు తిరిగి రాడేమోనన్న భయం ఎవరికైనా ఉంటుంది. కానీ ఈ మార్గం ఇవ్వాలంటే ఆ వారమే ఇవ్వాలి. ఒక సీఏ ఏడాదికి 60కి మించి టాక్స్ ఆడిట్లు తీసుకోకూడదన్న పరిమితి ఉంది, పైగా సెప్టెంబరు మూడో వారం దాటితే చేతిలో ఖాళీ ఉన్నవారు దొరకరు. ఆ ఏడాది 18న వినాయక చవితి, ఆ రెండు మూడు రోజులు మిల్లులో గుమస్తాలు కూడా దొరకరు. పక్క పట్టణంలోని ఒక సహవృత్తిదారుతో మాట్లాడమన్నాను, క్లయింటు పేరు చెప్పకుండా, "ఒక రైస్ మిల్లు, ఇంత టర్నోవర్, ఇంత పని మిగిలింది" అని మాత్రమే. క్లయింటు అనుమతి లేకుండా వివరాలు బయటపెట్టడం మా చట్టంలో వృత్తిపరమైన దుష్ప్రవర్తన. ఖాళీ ఉందో లేదో తెలుసుకోకుండా లేఖలో ఆ మార్గం రాయడం మాత్రం మాటవరసకు భోజనానికి పిలిచినట్టుంటుంది.

నాలుగోది సిఫారసు. మార్గాలు మూడు పెట్టి "మీ ఇష్టం" అని వదిలేస్తే, ఇన్నేళ్లుగా ఆడిటరు మాట మీదే నడిచిన పెద్దాయన మళ్లీ "మీరెలా అంటే అలా" అంటారు. కాబట్టి ఆడిటరు తన అభిప్రాయం రాయాలి, అది తనకు నష్టమైన మార్గమైనా సరే. నా వాదన ఇది: ఆ వారంలో తన సమయాన్ని అంచనా వేసుకోవడానికి అందరికన్నా అనర్హుడు ఆయనే. నాన్నగారు వారంలో ఇంటికి వస్తారని నమ్మాలని ఆయన మనసు కోరుకుంటోంది. ఆ నమ్మకం మీద మిల్లు వారి లిమిట్‌ను పెట్టలేం.

చివరిది జరిమానా. ఆడిట్ రిపోర్టు గడువులోగా దాఖలు కాకపోతే 271బీ కింద టర్నోవర్‌లో అర శాతం, లేదా 1,50,000 రూపాయలు, రెండింటిలో తక్కువది విధించవచ్చు. 14 కోట్లలో అర శాతం 7 లక్షలు కనుక ఇక్కడ గరిష్ఠం 1,50,000. తగిన కారణం ఉందని రుజువైతే 273బీ కింద జరిమానా వేయరు. అయితే ఆడిటరు ఇంట్లో అనారోగ్యాన్ని తగిన కారణంగా తీసుకుంటారా లేదా అన్నది అధికారి విచక్షణకు సంబంధించింది, దాన్ని హామీగా రాయకూడదు. "జరిమానా పడితే నేనే కడతాను" అని ఆడిటరు రాసుకున్న వాక్యాన్ని కొట్టించాను. జరిమానా పడేది సంస్థ మీద, రికార్డులో ఉండేది సంస్థ పేరు. పైగా ఆ హామీతో, రిపోర్టు తేదీలోగా ఎలాగోలా సంతకమైపోవడంలో ఆడిటరుకే సొంత డబ్బు ప్రయోజనం ఏర్పడుతుంది. స్టాకు లెక్క తేలకుండా సంతకం పెట్టే ప్రలోభం అక్కడే మొదలవుతుంది.

పంపిన లేఖ

సెప్టెంబరు 10న వెళ్లిన లేఖను పేర్లు తీసేసి ఇస్తున్నాను.

> గౌరవనీయులైన … గారికి, నమస్కారం.
>
> మా నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నారు. ఈ నెలాఖరు వరకు పగటిపూట నేను అక్కడే ఉండవలసి వస్తుంది, సాయంత్రం ఆరు తరువాత మాత్రమే రెండు గంటలు పని చేయగలను. అందువల్ల మీ సంస్థ టాక్స్ ఆడిట్‌ను ప్రతి ఏటా ఇచ్చే సమయానికి ఇవ్వలేను. ఈ లేఖ ఉద్దేశం మిమ్మల్ని ఓపిక పట్టమని అడగడం కాదు, మీ పనికి ఏది మంచిదో ఈ వారంలోనే నిర్ణయించుకునే వీలు కల్పించడం.
>
> ఆగని పనులు: రేపటి జీఎస్టీఆర్-1 సిద్ధంగా ఉంది, 20వ తేదీ 3బీ కూడా సమయానికి వెళ్తుంది. మీ గుమస్తా గారితో మా ఆఫీసు సహాయకుడు కూర్చుంటారు. ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది.
>
> ఆడిట్‌లో మిగిలినవి రెండు: ధాన్యం, బియ్యం, ఉప ఉత్పత్తుల పరిమాణాల లెక్క, రైతులకు నగదు చెల్లింపుల వోచర్ల పరిశీలన. రిపోర్టుకు చట్టం ఇచ్చిన గడువు సెప్టెంబరు 30. అది దాటితే సంస్థకు 1,50,000 రూపాయల వరకు జరిమానా పడే అవకాశం ఉంది. మీ బ్యాంకు రెన్యువల్‌కు అక్టోబరు మొదటి వారంలో బ్యాలెన్స్ షీటు కావాలని కూడా తెలిసింది.
>
> మీ ముందున్న మార్గాలు, పని ముందుగా పూర్తయ్యే క్రమంలో:
>
> మొదటిది. ఈ ఏడాది ఆడిట్ పక్క పట్టణంలోని నా సహవృత్తిదారు చేస్తారు. మీ పేరు చెప్పకుండా అడిగాను, 14 నుంచి సమయం ఇవ్వగలనన్నారు. 27లోగా పూర్తికావచ్చు. ఆయన కొత్తవారు కనుక మీకు పాతవనిపించే ప్రశ్నలు మళ్లీ అడుగుతారు. ఫీజు మీరూ ఆయనా నేరుగా మాట్లాడుకోవాలి. నాకిచ్చిన అడ్వాన్సు మీకు తిరిగి పంపుతాను.
>
> రెండవది. మీకు నచ్చిన మరే ఆడిటరునైనా నియమించుకోండి. మీ పుస్తకాలు మర్నాడే అందజేస్తాను. పాత ఆడిటరుగా నాకు వారు రాసే లేఖకు అదే రోజు జవాబిస్తాను. మీ నుంచి నాకు రావలసిన బాకీ ఏదీ లేదు.
>
> మూడవది. నేనే పూర్తి చేస్తాను. ఇప్పుడున్న పరిస్థితిలో 29కి ముందు అవ్వదు, ఆస్పత్రిలో ఏదైనా మారితే 30 కూడా దాటవచ్చు.
>
> నా అభిప్రాయం మొదటిది మంచిదని. మీరు ఏది ఎంచుకున్నా నేను మరోలా భావించను. 13వ తేదీ సాయంత్రంలోగా మీ గుమస్తా గారి ద్వారా చెప్పించినా చాలు. ఆలోగా మీ నుంచి కబురు రాకపోతే 14 ఉదయం నేనే ఫోన్ చేస్తాను. మీరు చెప్పనిదే మీ కాగితాలు ఎవరికీ ఇవ్వను. ఈ లోపు పుస్తకాలను ఎవరికైనా అందించడానికి వీలుగా సర్ది ఉంచుతాను.
>
> సంస్థ సంతకంతో తాత్కాలిక లెక్కలు ప్రస్తుతానికి సరిపోతాయేమో బ్యాంకు మేనేజరు గారిని ఒకసారి అడగండి. ఒప్పుకుంటే మీకు కొంత వెసులుబాటు.

"గుమస్తా గారి ద్వారా చెప్పించినా చాలు" అన్న వాక్యం చిన్నదే, కానీ దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. పెద్దాయన తన నోటితో "వేరే ఆయనకు ఇచ్చేద్దాం" అనలేరు. మొహమాటం లేకుండా చెప్పగలిగే దారి ఒకటి లేఖే చూపించాలి. జవాబు రాకపోతే ఏం జరుగుతుందన్న దానిపైనా అంతే ఆలోచించాం. "జవాబు రాకుంటే నేనే కొనసాగిస్తాను" అనడం ఆడిటరుకు సులువు, కానీ అది అన్నిటికన్నా ప్రమాదకరమైన మార్గాన్ని మౌనానికి కట్టేస్తుంది. "సహవృత్తిదారుకు అప్పగిస్తాను" అనడానికి అనుమతి లేదు. అందుకే మౌనానికి ప్రతిగా ఒక ఫోన్ కాల్, వెనక్కి తీసుకోగలిగిన తయారీ పని, ఈ రెండే పెట్టాం.

ఏం జరిగింది

12వ తేదీన గుమస్తా ఫోన్ చేసి, మొదటి మార్గమే ఖాయమని చెప్పాడు. కొత్త ఆడిటరు నియమం ప్రకారం పాత ఆడిటరుకు లిఖితపూర్వకంగా రాశారు, అదే రోజు జవాబు వెళ్లింది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మిల్లువారు పాత ఆడిటరుకు అప్పగించిన ఫారాన్ని ఉపసంహరించి, కొత్త ఆడిటరును జతచేసి మళ్లీ అప్పగించారు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, చివరి రోజుల్లో పోర్టల్ నెమ్మదించినప్పుడు ఇక్కడే పూట గడిచిపోతుంది. ముందే చేయించడం కలిసొచ్చింది. కొత్త ఆడిటరు తవుడు దిగుబడి విషయంలో గట్టి ప్రశ్నలు వేశారు. రెండు నెలల ఉప ఉత్పత్తుల అమ్మకాలు బిల్లు బుక్కులో ఉండి స్టాకు రిజిస్టరులోకి ఎక్కలేదని తేలింది. రిజిస్టరు సరిచేశాక 27న రిపోర్టు అప్‌లోడ్ అయింది, మర్నాడు మిల్లువారు పోర్టల్‌లో ఆమోదించారు. బ్యాంకు తాత్కాలిక లెక్కలకు ఒప్పుకోలేదు, కానీ అప్పటికి అసలువే సిద్ధంగా ఉన్నాయి.

తండ్రిగారు అక్టోబరు మధ్యలో ఇంటికి వచ్చారు. అంటే మూడో మార్గం పట్టి ఉంటే గడువు దాటే ప్రమాదం నిజంగానే ఉండేది.

తరువాతి ఏడాది మిల్లు వారు ఆడిట్‌ను కొత్త ఆడిటరు దగ్గరే ఉంచుకున్నారు. జీఎస్టీ, రిటర్నులు, సలహా పని పాత ఆడిటరు దగ్గరే కొనసాగాయి. ఫీజులో ఆయనకు కొంత తగ్గింది. లేఖ విఫలమైందా అని ఆయన నన్ను అడిగారు. నేను అలా అనుకోను. ఆడిట్ పోవడానికి కారణం లేఖ కాదు, తవుడు లెక్క పట్టుకున్న చూపు. గడువు తప్పి, లిమిట్ ఆగిపోయి ఉంటే ఆడిట్‌తో పాటు మిగిలిన పనులూ పోయేవి.

ఈ కేసు నుంచి తీసుకోదగినవి, తీసుకోకూడనివి

ఇలాంటి లేఖ రాసే ముందు క్లయింటు క్యాలెండరు తెలుసుకోవడం మొదటి పని. మనకు తెలిసిన గడువు చట్టానిది, క్లయింటుకు నొప్పి కలిగించే గడువు చాలాసార్లు వేరేచోట ఉంటుంది. ఇక్కడ అది బ్యాంకుది, మరోచోట టెండరుది కావచ్చు. అడగాల్సింది యజమానిని కాదు, ఆయన గుమస్తానే. యజమాని మర్యాద చూపిస్తారు, గుమస్తా తేదీ చెప్తాడు.

ఈ లేఖను అలాగే ఎత్తి అందరికీ పంపకూడదు. అదే నెలలో ఈ ఆడిటరుకు మరో పదిహేను ఆడిట్లు చేతిలో ఉన్నాయి. అన్నింటికీ వేరే ఆడిటరును చూపడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. పని చాలావరకు అయిపోయి సంతకమే మిగిలిన వాటిని ఆయన రాత్రిళ్లు ముగించారు. వాళ్లకు తేదీ చెప్తూ నాలుగు వాక్యాల లేఖ వెళ్లింది, అంతే. మార్గాలు ఇచ్చిన లేఖ వెళ్లింది మిల్లుకు కాక మరో ఇద్దరికి మాత్రమే, పరిమాణాల లెక్కలో సగానికి పైగా పని మిగిలినవారికి. కంపెనీలైతే ఈ పద్ధతి ఇంత సులువుగా నడవదు. కంపెనీ చట్టం కింద నియమితుడైన ఆడిటరు తప్పుకోవడానికి, కొత్తవారు రావడానికి వేరే ప్రక్రియ, వేరే ఫారాలు ఉంటాయి, వాటికి ఈ మూడు వారాలు చాలకపోవచ్చు. ఒంటరిగా ప్రాక్టీసు చేస్తూ కంపెనీ ఆడిట్లు చేసేవారు ఆ ఫైళ్లలో మిగిలిన పనిని ఆగస్టు నాటికే చూసుకోవాలి, ఈ లేఖ వారికి పెద్దగా అక్కరకు రాదు.